లాభానికి ముందు నష్టాన్ని లెక్కించండి
లింగాల ఘనపూర్ యువకుడి చేతిలో రెండు లక్షలుంటే షేర్ మార్కెట్టా, చిన్న వ్యాపారమా?

జనగామ జిల్లా లింగాల ఘనపూర్ వంటి మండల కేంద్రంలో పాతికేళ్ల యువకుడి చేతికి రెండు లక్షల రూపాయలు వచ్చాయంటే వాటి వెనుక ఎన్నో ఏళ్ల శ్రమ ఉంటుంది. కొందరికి అది గల్ఫ్‌లో రెండేళ్లు ఎండలో పనిచేసి మిగిల్చుకున్న సొమ్ము. మరికొందరికి తండ్రి పత్తి అమ్మిన డబ్బులోంచి ఏటా కొంత తీసిపెట్టిన పొదుపు. అందుకే ఆ డబ్బును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఆ యువకుడి ఒక్కడిదే కాదు. చెల్లెలి నికాహ్, తల్లి వైద్యం, ఇంటి పైకప్పు కూడా ఆ ప్రశ్నలో కలిసి ఉంటాయి.

ఈ రోజుల్లో అతని ముందు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి చేతిలోని ఫోనులోనే ఉంది. పది నిమిషాల్లో డీమ్యాట్ ఖాతా తెరిచి షేర్లు కొనవచ్చు. రెండవది ఊళ్లోనే ఉంది. ఒక దుకాణమో, మేకల పెంపకమో, మిత్రునితో కలిసి ఒక చిన్న వ్యాపారమో మొదలుపెట్టవచ్చు. ఏది ఎక్కువ లాభం ఇస్తుందని అందరూ అడుగుతారు. ఇస్లామీయ వాణిజ్య నీతి మాత్రం మొదట వేరొక ప్రశ్న అడగమంటుంది. నష్టం వస్తే దాన్ని ఎవరు మోస్తారు, ఎంతవరకు మోస్తారు?

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి ఒక హదీసు ఆధారంగా ఫిఖ్‌హ్ పండితులు ఒక ప్రసిద్ధ సూత్రాన్ని స్థిరపరిచారు. ఒక వస్తువు నష్టపోతే ఆ నష్టానికి ఎవడు బాధ్యుడో, దాని ఫలం పొందే హక్కు కూడా వాడిదే అన్నది దాని సారాంశం. బాధ్యత లేని చోట లాభం ధర్మసమ్మతం కాదు. వడ్డీ నిషిద్ధం కావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అప్పిచ్చినవాడు నష్టంలో పాలు పంచుకోకుండా నిశ్చితమైన రాబడిని కోరతాడు. ఈ సూత్రాన్ని చేతబట్టుకుని రెండు దారులనూ పరిశీలిద్దాం.

ఒకే పేరు, రెండు పనులు

షేర్ మార్కెట్ అనే ఒకే మాట కింద పరస్పరం సంబంధం లేని రెండు పనులు జరుగుతున్నాయి. యువకులు పొరపడేది ముఖ్యంగా ఇక్కడే.

మొదటిది షేరు కొని ఉంచుకోవడం. షేరు అంటే ఒక కంపెనీ యాజమాన్యంలో చిన్న భాగం. కంపెనీ లాభపడితే మీ భాగం విలువ పెరుగుతుంది, నష్టపోతే తగ్గుతుంది. కంపెనీ దివాలా తీసినా మీరు పెట్టిన సొమ్మే పోతుంది. అప్పులవాళ్లు మీ ఇంటికి రారు. ఇది భాగస్వామ్యానికి దగ్గరగా ఉన్నందువల్లనే సమకాలీన పండితులలో అనేకులు కొన్ని షరతులతో దీనిని అనుమతించారు. మద్యం, పొగాకు, జూదం, వడ్డీ ఆధారిత బ్యాంకింగ్ వంటి వ్యాపారాలు చేసే కంపెనీలను మినహాయించాలి. మిగిలిన వాటిలోనూ వడ్డీ అప్పులు ఒక పరిమితికి లోబడి ఉండాలి. మన దేశంలో టాసిస్ అనే సంస్థ పాటించే ప్రమాణం ప్రకారం వడ్డీతో కూడిన అప్పు కంపెనీ మొత్తం ఆస్తిలో 25 శాతానికి మించకూడదు, వడ్డీ ద్వారా వచ్చే ఆదాయం మొత్తం ఆదాయంలో 3 శాతానికి మించకూడదు. ఆ కొద్దిపాటి వడ్డీ ఆదాయానికి సరిపడే భాగాన్ని తన రాబడి నుంచి లెక్కగట్టి, పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలి.

ఈ జల్లెడను తానే పట్టలేని సామాన్యుని కోసం మన దేశంలో టాటా ఎథికల్ ఫండ్, టారస్ ఎథికల్ ఫండ్ ఉన్నాయి. నిఫ్టీ 50 షరీఅహ్ సూచీని అనుసరించే ఒక ఈటీఎఫ్ కూడా ఉంది. వీటిలో ఒకే కంపెనీ మీద కాక అనేక కంపెనీల మీద డబ్బు పంచబడుతుంది. ఒక కంపెనీ మునిగినా అంతా మునగదు.

రెండవ పని ఫ్యూచర్స్, ఆప్షన్స్. ఇక్కడ కొనేది కంపెనీలో భాగం కాదు. ఫలానా తేదీ నాటికి ధర పెరుగుతుందా, తగ్గుతుందా అన్న అంచనా మీద కుదిరే ఒప్పందం. ఆప్షన్ కొన్నవాడి అంచనా తప్పితే, గడువు ముగిసే వేళకు అతను కట్టిన ప్రీమియం మొత్తం సున్నా అవుతుంది. ఒకడు పొందినది మరొకడు పోగొట్టుకున్నదే. తన దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని ప్రవక్త (స) హకీం బిన్ హిజాం (రజి)కు బోధించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ బోధన దృష్ట్యా, జూదంతో ఉన్న పోలిక దృష్ట్యా పండితులలో అత్యధికులు ఈ ఒప్పందాలను అనుమతించరు.

ధర్మం కాదన్న దానిని లెక్కలు కూడా కాదంటున్నాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం ప్రచురించింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తులను పరిశీలిస్తే, వారిలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరు పోగొట్టుకున్నది దాదాపు రెండు లక్షల రూపాయలు. ఖర్చులు పోగా లక్ష రూపాయలకు మించి లాభం పొందినవారు ఒక్క శాతం మాత్రమే.

ఆ నివేదికలో మన ప్రాంతాల వారిని ఆలోచింపజేసే రెండు విషయాలున్నాయి. ఈ వ్యాపారులలో ముప్పై ఏళ్ల లోపువారి వాటా ఒక్క ఏడాదిలోనే 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. మొత్తం వ్యాపారులలో 70 శాతానికి పైగా దేశంలోని మొదటి ముప్పై పెద్ద నగరాలకు వెలుపల ఉన్నవారే. అంటే ఈ డబ్బు పోతున్నది ముంబయి ధనికుల ఇళ్ల నుంచి మాత్రమే కాదు, జనగామ వంటి చిన్న పట్టణాల నుంచి, వాటి చుట్టూ ఉన్న మండలాల నుంచి కూడా పోతున్నది. ఎదుటి పక్షాన కూర్చుని లాభం తీసుకుంటున్నవారిలో అధికులు కంప్యూటర్ ప్రోగ్రాములతో క్షణాల్లో కొనుగోళ్లు, అమ్మకాలు జరిపే పెద్ద సంస్థలు. ఫోను పట్టుకున్న యువకుడు వాటితో పోటీపడుతున్నాడు.

కాబట్టి ఈ రెండవ పనిని మన లెక్కలోంచి తీసివేద్దాం. మిగిలిన పోలిక షేరు కొని ఉంచుకోవడానికీ, చిన్న వ్యాపారానికీ మధ్య.

మార్కెట్టులో నష్టం ఎలా వస్తుంది?

షరీఅహ్ నిబంధనలు పాటించే ఫండ్ అయినా ధర పడిపోకుండా ఉండదు. హలాల్ అన్న ముద్ర సంపాదన శుద్ధికి హామీ ఇస్తుంది కాని లాభానికి ఇవ్వదు.

2020 జనవరి మధ్యలో 12,300 పైన ఉన్న నిఫ్టీ, కరోనా భయంతో మార్చి 23 నాటికి 7,610కి దిగింది. రెండు నెలల్లో 38 శాతం పతనం. సూచీతో సమానంగా కదిలే చోట రెండు లక్షలు పెట్టినవాడి ఖాతాలో ఆ రోజు సుమారు లక్షా ఇరవై మూడు వేలు కనిపించాయి. అదే సంవత్సరం నవంబరు నాటికి సూచీ పాత స్థాయికి చేరింది. కాని ప్రతిసారీ ఇంత త్వరగా జరగదు. 2008 జనవరిలో 21,000 తాకిన సెన్సెక్స్, అక్టోబరులో 8,000 దిగువకు వెళ్లింది. మళ్లీ 21,000 చూడడానికి 2010 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది.

ఇద్దరు యువకులను ఊహించుకుందాం. ఇద్దరూ 2020 జనవరిలో ఒకే ఫండ్‌లో రెండేసి లక్షలు పెట్టారు. మొదటివాడికి ఆ డబ్బుతో ఐదేళ్లవరకు పని లేదు. రెండవవాడి చెల్లెలి నికాహ్ ఏప్రిల్‌లో ఉంది. మొదటివాడు కళ్లు మూసుకుని కూర్చుని నవంబరుకు తేరుకున్నాడు. రెండవవాడు పడిపోయిన ధరకే అమ్మి, డెబ్బై వేలకు పైగా నష్టాన్ని శాశ్వతం చేసుకున్నాడు. వారు కొన్నది ఒక్కటే, పెట్టిన సొమ్మూ ఒక్కటే. తేడా అంతా ఆ డబ్బుకు ముందే నిర్ణయమై ఉన్న గడువులో ఉంది.

మార్కెట్టు నష్టానికి రెండు లక్షణాలున్నాయి. అది ప్రతిరోజూ కనిపిస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మి బయటపడవచ్చు. అయితే ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో మన చేతుల్లో లేదు. లింగాల ఘనపూర్‌లో ఉన్నవాడు ఎంత కష్టపడినా సూచీ ఒక్క పాయింటు కదలదు. అందువల్ల కనీసం ఐదేళ్లు ముట్టుకోనవసరం లేని సొమ్ముకే ఆ చోటు తగినది.

ఊళ్లో వ్యాపారంలో నష్టం ఎలా వస్తుంది?

హిజ్రత్ తరువాత మదీనాలో సఅద్ బిన్ రబీఅ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నప్పుడు, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అది తీసుకోకుండా బజారు దారి చూపమన్నారు. జున్ను, నెయ్యి అమ్మి తన జీవనం నిలబెట్టుకున్నారు. చిన్న వ్యాపారానికి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ మనకు అక్కరలేదు. అయితే ఆయన మొదలుపెట్టినది తనకు తెలిసిన సరుకుతో, చేతికి అందే పరిమాణంలో అన్న సంగతిని కూడా గమనించాలి.

మన ప్రాంతంలో ముస్లిం యువకులు తరచుగా ఆలోచించే ఒక వ్యాపారాన్ని తీసుకుందాం. బక్రీదుకు మేకపోతులను పెంచి అమ్మడం. ఈ కింది ధరలు ఉదాహరణకు వేసుకున్నవి. ప్రతి ఒక్కరూ తమ దగ్గరి సంతలో విచారించి తమ అంకెలు వేసుకోవాలి.

2025లో బక్రీదు జూన్ 7న వచ్చింది. చాంద్రమాన సంవత్సరం పది పదకొండు రోజులు తక్కువ కాబట్టి 2026లో మే చివరి వారంలోకి వచ్చింది. అంటే రాబోయే కొన్నేళ్లు ఈ పెంపకం యాసంగిలో మొదలై మండువేసవిలో ముగుస్తుంది. పచ్చిమేత దొరకనిదీ, దాణా ఖర్చు పెరిగేదీ అప్పుడే. పండుగకు ఐదు నెలల ముందు ఎనిమిది నెలల వయసున్న పన్నెండు పోతులను ఒక్కొక్కటి 9,000 చొప్పున కొన్నామనుకుందాం. అది 1,08,000. రోజుకు ఒక్కో పోతుకు 15 రూపాయల మేత, దాణా చొప్పున నూట యాభై రోజులకు 27,000. టీకాలు, నట్టల మందు 3,600. కొట్టం, కంచె 15,000. రవాణా 6,000. మొత్తం 1,59,600. రెండు లక్షలలో దాదాపు నలభై వేలు చేతిలో మిగిలి ఉంటుంది. దానిని ముట్టుకోకూడదు.

పండుగకు పన్నెండూ బతికి, ఒక్కొక్కటి 18,000 పలికితే 2,16,000 వస్తుంది. మిగులు 56,400. ఇది చూడటానికి బాగానే ఉంటుంది. కాని రోజుకు రెండు గంటల చొప్పున మూడు వందల గంటల శ్రమ ఇందులో ఉంది. గంటకు 60 రూపాయలు లెక్కించినా అది 18,000. అంటే డబ్బుకు వచ్చిన అసలు రాబడి 38,400 మాత్రమే. మిగిలినది కూలి. చాలామంది తమ కూలిని కూడా లాభమనుకుని, వ్యాపారం బాగుందని భ్రమపడతారు.

సాధారణంగా జరిగేది ఇంకొంచెం తక్కువ. ఒక పోతు చనిపోయింది. ఎనిమిది 16,000 చొప్పున పోయాయి. మూడు అమ్ముడుకాక పండుగ దాటిపోయి, మాంసం ధరకు 10,000 చొప్పున కసాయికి ఇవ్వవలసి వచ్చింది. వచ్చినది 1,58,000. అంటే 1,600 నష్టం, ఐదు నెలల శ్రమ వృథా. ఇక చెడు సంవత్సరం. పారుడు వ్యాధి సోకి నాలుగు పోయాయి. మిగిలిన ఎనిమిదిలో నాలుగు 15,000 చొప్పున, నాలుగు 9,000 చొప్పున పోయాయి. వచ్చినది 96,000. నష్టం 63,600, అంటే పెట్టినదానిలో నలభై శాతం.

ఈ అంకెను 2020 నాటి మార్కెట్టు పతనం పక్కన పెట్టి చూడండి. అక్కడ 38, ఇక్కడ 40. చెడు కాలంలో రెండు దారులూ ఇంచుమించు ఒకే లోతుకు దిగగలవు. కాని ఒక తేడా ఉంది. మార్కెట్టులో పతనాన్ని మీరు ఆపలేరు. మేకల దొడ్డిలో ఆ నష్టంలో గణనీయమైన భాగాన్ని ముందే పసిగట్టి తగ్గించుకోవచ్చు, పని తెలిసి ఉంటే.

ఎలాగో చూద్దాం. కొన్న రోజే పాత మందలో కలపకుండా మూడు వారాలు వేరుగా ఉంచాలి. సంత నుంచి వచ్చే వ్యాధి ఆ వ్యవధిలో బయటపడుతుంది. పారుడు వ్యాధికీ, చిటుక వ్యాధికీ పశువైద్యశాలలో టీకాలు వేయించాలి. జ్వరం, ముక్కు నుంచి చీమిడి, నోటిలో పుండ్లు, ఆపై పారుడు కనిపిస్తే ఆ జీవాన్ని అదే గంటలో విడదీయాలి. త్వరగా బలిసిపోవాలని గింజల దాణాను ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బి, చిటుక వ్యాధి వచ్చి, అన్నిటికన్నా బలమైన పోతే ముందు చనిపోతుంది. పదిహేను రోజులకొకసారి తూకం వేసి రాసుకోవాలి. వరుసగా రెండు తూకాలలో బరువు పెరగని పోతు మేత తింటున్నా లాభం ఇవ్వదు.

కొనేటప్పుడు చూడవలసిన ఇంకొక విషయం ఈ వ్యాపారానికే ప్రత్యేకమైనది. ఖుర్బానీకి మేక సంవత్సరం నిండినదై ఉండాలి. గుడ్డితనం, స్పష్టమైన కుంటితనం, బయటికి కనిపించే జబ్బు, మరీ బక్కచిక్కినతనం ఉంటే ఖుర్బానీ చెల్లదు. కాబట్టి కాలు విరిగిన పోతుకు మాంసం ధరే మిగులుతుంది. వయసు తక్కువైనదాన్ని సంవత్సరం నిండిందని నమ్మించి అమ్మితే వ్యాపారి మాట పోవడమే కాదు, కొన్నవాని ఖుర్బానీ కూడా చెడుతుంది. ముందు పాలపళ్లు రాలి రెండు పెద్ద పళ్లు వచ్చాయా లేదా అని నోరు తెరిచి చూడడం కొనుగోలుదారుల అలవాటు. సరిగ్గా సంవత్సరం నిండినవాటిలో కొన్నిటికి అప్పటికి పళ్లు మారవు. అందుకే వయసులో ఒకటి రెండు నెలలు ఎక్కువున్నవాటిని కొనడం మేలు.

బయటపడే దారి కూడా ముందే నిర్ణయించుకోవాలి. పండుగకు నలభై ఐదు రోజుల ముందు, తెలిసిన కుటుంబాల నుంచి ఫలానా పోతు అని చూపించి బయానా తీసుకోవాలి. ఆనాటికి సగం పోతులకైనా బయానా రాకపోతే, మిగిలిన వాటిలో కొన్నింటిని అప్పుడే సంతలో అమ్మివేయాలి. పండుగ మరునాటి ధర కన్నా ఆనాటి ధర మెరుగ్గా ఉంటుంది. ఈ వ్యాపారంలో ఇంకొక మేలేమంటే, అమ్ముడుపోని పోతుకు మాంసం ధర అనే నేల ఎప్పుడూ ఉంటుంది. ఫ్యాషన్ మారిపోయిన బట్టల దుకాణానికి, పాత మోడల్ ఫోన్ల దుకాణానికి అటువంటి నేల ఉండదు.

మిత్రుని వ్యాపారంలో డబ్బు పెడితే

తానే పని చేయలేని యువకుడు ఇతరుల వ్యాపారంలో పెట్టుబడి పెట్టాలనుకుంటాడు. ఇది మనకు కొత్త కాదు. దైవదౌత్యానికి ముందు ప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి) పెట్టుబడితో సిరియాకు వ్యాపారయాత్ర చేశారు. ఒకరి ధనం, మరొకరి శ్రమ, లాభంలో ముందే కుదుర్చుకున్న వాటా. దీనినే ముదారబ అంటారు. నష్టం వస్తే ధనం పెట్టినవాడి ధనం పోతుంది, శ్రమించినవాడి శ్రమ పోతుంది.

కాని మన ఊళ్లలో తరచుగా జరిగేది వేరు. "భాయ్, రెండు లక్షలివ్వు, నెలకు ఐదు వేలు ఇస్తా, అసలు ఎక్కడికీ పోదు" అంటాడు మిత్రుడు. ఇది భాగస్వామ్యం కాదు, అప్పు మీద వడ్డీ. అసలుకు హామీ, రాబడికి నిశ్చిత మొత్తం రెండూ కలిసిన చోట పేరు ఏది పెట్టినా ధర్మం మారదు. వాటా అనేది లాభంలో సగమనో, మూడో వంతనో ఉండాలి. నెలకు ఇన్ని వేలని ఉండకూడదు.

ఇది ధర్మసూక్ష్మం మాత్రమే కాదు, నష్టాన్ని ముందుగా పట్టిచ్చే సంకేతం కూడా. నిజమైన వ్యాపారంలో రంజాన్ నెల రాబడి, ఆ తరువాతి నెల రాబడి సమానంగా ఉండవు. ప్రతినెలా ఒకే మొత్తం వస్తున్నదంటే అది లాభం నుంచి వస్తున్నదా, కొత్తగా చేరినవారి అసలు నుంచి వస్తున్నదా అని అడగాలి. హైదరాబాదు కేంద్రంగా, హలాల్ వ్యాపారమన్న పేరుతో వేల కోట్ల రూపాయలు సేకరించిన హీరా గ్రూపు అధినేత్రి నౌహెరా షేక్‌ను 2018 అక్టోబరులో పోలీసులు అరెస్టు చేశారు. బెంగళూరులోని ఐ మానిటరీ అడ్వైజరీ సంస్థ 2019 జూన్‌లో చెల్లింపులు ఆపింది, దాని అధిపతి మన్సూర్ ఖాన్ దేశం విడిచి వెళ్లి, తరువాతి నెలలో తిరిగి వచ్చి అరెస్టయ్యాడు. ఆ రెండు సంస్థలలో డబ్బు పెట్టినవారిలో వితంతువులు, పదవీ విరమణ పొందినవారు, గల్ఫ్ కార్మికులు ఎందరో ఉన్నారు. వడ్డీకి భయపడి బ్యాంకుకు దూరంగా ఉన్న భక్తులే ఎక్కువగా నష్టపోయారు. ఆ మాటే వారి నుంచి డబ్బు రాబట్టే సాధనమైంది.

భాగస్వామ్యంలో చట్టపరమైన మరొక ప్రమాదం ఉంది. దానిని చాలామంది ఎరుగరు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ చేసిన అప్పులన్నిటికీ ప్రతి భాగస్వామీ పూర్తి బాధ్యుడు. మీరు రెండు లక్షలే పెట్టినా, మిత్రుడు సంస్థ పేరిట ఐదు లక్షల సరుకు ఉద్దెర తెచ్చి చేతులెత్తేస్తే, అప్పులవాడు మిమ్మల్ని కూడా అడగగలడు. షేరు కొన్నవాడి నష్టం పెట్టిన సొమ్ము దగ్గర ఆగుతుంది. భాగస్వామి నష్టం అక్కడ ఆగకపోవచ్చు. కనుక పెట్టుబడికి మించి ఉద్దెర తీసుకోకూడదన్న షరతు ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాలి. సరుకు అమ్మేవారికి కూడా ఆ సంగతి తెలిసేలా చేయాలి. ఆ షరతుకు మిత్రుడు ఒప్పుకోకపోతే భాగస్వామిగా సంతకం చేయకపోవడమే మంచిది.

సూరా బఖరా 282వ వాక్యం అప్పు ఒప్పందాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఎంత వివరంగా ఆదేశిస్తుందో మనకు తెలుసు. ఖుర్ఆన్‌లో అతి దీర్ఘమైన వాక్యం అదే. ఎవరి పెట్టుబడి ఎంత, లాభంలో వాటా ఎంత, లెక్క ఎప్పుడు చూస్తారు, ఎవరైనా తప్పుకోవాలంటే సరుకుకు ధర ఎలా కడతారు అన్న నాలుగు విషయాలూ కాగితం మీద ఉండాలి. మిత్రుని మీద నమ్మకం ఉన్నప్పుడే ఆ కాగితం రాయడం సులభం.

ఆ రెండు లక్షలు

మళ్లీ మన యువకుని దగ్గరికి వద్దాం. మొదట అతను డబ్బును గడువుల వారీగా విడదీయాలి. ఏడాదిలోపు ఇంటికి అవసరమయ్యేది, ఉదాహరణకు చెల్లెలి నికాహ్ కోసం ఉంచినది, ఏ దారిలోనూ పెట్టకూడదు. అది పక్కన తీసిన తరువాత మిగిలినదే పెట్టుబడి.

ఆ మిగిలిన దానిలో, అతనికి జీవాల పని తెలిసి, రోజూ రెండు గంటలు ఇవ్వగలిగితే, మొదటి ఏడాది పన్నెండు కాక నాలుగు పోతులతో మొదలుపెట్టడం మంచిది. మేకల ఖర్చు, కొట్టం కలిపి డెబ్బై వేల లోపు అవుతుంది. చెడు సంవత్సరం వచ్చినా పోయేది ముప్పై వేల చుట్టుపక్కలే, దానితోపాటు వచ్చే అనుభవం తరువాతి ఏడాదికి పనికివస్తుంది. పని తెలియనివాడు, సమయం లేనివాడు ఇతరుల దొడ్డి చూసి ఉత్సాహపడి అందులో దిగకూడదు. అతనికి ఐదేళ్లు అక్కరలేని సొమ్మును షరీఅహ్ ఫండ్‌లో నెలనెలా కొంచెం కొంచెంగా పెట్టడం తగినది. ధర ఎక్కువ ఉన్న ఒకే రోజున మొత్తం పెట్టే ప్రమాదం అలా తగ్గుతుంది. రెండూ వీలైనవాడు రెంటికీ పంచవచ్చు. ఎందుకంటే మార్చిలో సూచీ పడిపోతే మేకలకు జ్వరం రాదు, దొడ్డిలో వ్యాధి వస్తే ఫండ్ పడిపోదు.

జకాత్‌ను మరువకూడదు. అమ్మకం కోసం పెంచే పోతులు వాణిజ్య సరుకు. జకాత్ తేదీ నాటికి వాటి మార్కెట్ ధరనూ, చేతిలోని నగదునూ కలిపి, నిసాబ్ దాటితే రెండున్నర శాతం ఇవ్వాలి. ఫండ్‌లోని యూనిట్ల జకాత్ విధానంపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి కనుక తమ ఆలిమ్‌ను సంప్రదించాలి.

ఇక కుటుంబ పెద్దలకు ఒక్క మాట. కొడుకు డబ్బు ఎక్కడ పెడుతున్నాడో అడగడానికి షేర్ల పరిజ్ఞానం అక్కరలేదు. మూడు ప్రశ్నలు చాలు. "బేటా, ఇది పోతే ఎంతవరకు పోతుంది? పోతున్నదని నీకు ఎప్పుడు తెలుస్తుంది? తెలిసిన రోజు నువ్వు ఏం చేయగలవు?" మేకల దొడ్డి గురించి అడిగినా, ఫండ్ గురించి అడిగినా ఈ మూడింటికీ సమాధానం ఉంటుంది. ఆప్షన్ల గురించి అడిగితే మొదటి ప్రశ్నకు మొత్తమని, మూడవ ప్రశ్నకు ఏమీ లేదని తేలుతుంది. నెలకు ఐదు వేలు ఖాయమన్న మిత్రుని గురించి అడిగితే రెండవ ప్రశ్న దగ్గరే సమాధానం ఆగిపోతుంది.